సముద్రంలో పడ్డ బొగ్గు గని

సోషల్‌లో యాభై ఏడు. ఇంకెవరికైనా అది పండగ చేసుకోవలసిన సంఖ్యేమో గానీ, ఈ పిల్లకి మాత్రం సున్నాతో సమానం. సర్వేయర్ల శిక్షణ కాలేజీలో చేరాలంటే లెక్కల్లో అరవై, సోషల్‌లో అరవై ఉండి తీరాలి. లెక్కల్లో తొంభై ఒకటి వచ్చింది. ఆ తొంభై ఒకటిలోంచి మూడు తీసి ఇటు వేయండి బాబూ అంటే వేసే నాథుడు ఎవడూ లేడు కదా! దరఖాస్తుకి ఆఖరి రోజు చూస్తే పదకొండు రోజుల్లో ఉంది.

ఆ పిల్లని ఇంట్లో బుజ్జమ్మ అంటారు, బళ్లో స్కేలు అంటారు. ఎప్పుడు చూసినా సంచిలోంచి ఒక స్కేలు మొన బయటికి పొడుచుకుని ఉంటుంది, అందుకు. వాళ్ల నాన్న భూమి కొలిచే ఆఫీసులో చైన్‌మన్. అంటే సర్వేయరు గొడుగు కింద నిలబడి యంత్రంలోంచి చూస్తుంటే, ఎదురుగా బురదలోనో ముళ్లకంపలోనో గొలుసు పట్టుకుని నిలబడే మనిషి. ఇరవై రెండేళ్లుగా నిలబడుతూనే ఉన్నాడు. పరీక్ష పాసైతే గొడుగు కిందికి రావచ్చు. ఆయన చదువు ఏడో తరగతిలోనే ఆగిపోయింది. కూతురైనా ఆ గొడుగు కిందికి రావాలని ఆయన ఆశ. ఆ మాట ఎప్పుడూ పైకి అనలేదు, అనకపోయినా ఇంట్లో అందరికీ తెలుసు.

ఇక సోషల్ మాస్టారి సంగతి. పిల్లలు ఆయన్ని కత్తెర మాస్టారు అంటారు. మార్కు వేయడానికి చేయి రాదు, కోయడానికి మాత్రం చేయి ఆగదు. ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసులో తను వేసిన మార్కు ఒక్కటంటే ఒక్కటి మారలేదని ప్రతి ఏడూ మొదటి రోజే క్లాసులో ప్రకటిస్తాడు. మారలేదంటే ఏమిటి, మార్చమని అడిగినవాడు లేడని! ఆ తేడా ఆయనకి ఎవరు చెబుతారు?

ఫలితాలొచ్చాక బళ్లో ఒక రోజు దిద్దిన పేపర్లు పిల్లల చేతికిచ్చి గంటసేపు చూసుకోనిస్తారు. అభ్యంతరం ఉంటే ఏడు రోజుల్లోగా పెద్ద మేడమ్ పేరిట ఉత్తరం రాయాలి. అప్పుడు పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా మళ్లీ దిద్దుతారు. అడిగిన చోటే దిద్దరు, మొత్తం దిద్దుతారు. పెరిగినా తగ్గినా ఆ వచ్చిందే ఖాయం, మళ్లీ నోరెత్తకూడదు. అందుకే ఎవరూ రాయరు. ఉన్నది ఊడితే ఎవరికి చెప్పుకోవాలి?

ఆ గంటలో స్కేలు ఏడవలేదు. పేపరంతా ఒకసారి చదివి, చివర్న దారంతో కుట్టిన దేశపటం దగ్గర ఆగిపోయింది. అచ్చు వేసిన ఖాళీ పటంలో ఎనిమిది చోట్లు గుర్తించాలి, ఎనిమిది మార్కులు. తనకొచ్చినవి రెండు. పటాలంటే ప్రాణం పెట్టే పిల్లకి పటంలో రెండా! తప్పన్న ప్రతి చుక్క పక్కనా మాస్టారు పెన్సిల్‌తో ఒక చిన్న సున్నా చుట్టాడు, అసలు చోటు ఇదీ అని. ఆరు సున్నాలు. వాటివంక చూస్తూ చూస్తూ ఉండగా పిల్లకి ఏదో తేడా కొట్టింది. సంచిలోంచి స్కేలు తీసి కొలిచి, అరచేతి మీద పెన్నుతో అంకెలు రాసుకుంది.

పక్కనే కూర్చున్న స్నేహితురాలి పేరు రేడియో. ఎందుకో వేరే చెప్పక్కర్లేదు.

"ఒసేయ్, నాకు పటంలో అయిదొచ్చాయే! నేను కళ్లు మూసుకుని పెట్టాను కదా చుక్కలు. దేవుడున్నాడే!" అంది రేడియో. దానికి మొత్తం ముప్పై ఆరు. ముప్పై అయిదుకి పాసు. ఒక్క మార్కు ఎక్కువ వచ్చి గట్టెక్కిన ఆనందంలో కాలు నిలవడం లేదు.

స్కేలు దాని పటం లాక్కుని చూసింది. రేవు పట్టణం చుక్క తీరం దాటి నీళ్లలో తేలుతోంది. దానికి ఎర్ర టిక్కు! తన చుక్క తీరం మీద కచ్చితంగా ఉంది. దానికి తప్పు! పిల్లకి కడుపు మండిపోయింది.

"ఇంకేం, ఇదే రాసెయ్. నా స్నేహితురాలికి వేశారు, నాకు వేయలేదు అని రాయి," అంది రేడియో ఊపులో. అన్న మరుక్షణం దాని మొహం పాలిపోయింది. కళ్లు మూసుకుని పెట్టిన చుక్కల సంగతి బయటపడితే ముప్పై ఆరు ఎంతవుతుందో దానికీ లెక్క వచ్చు మరి.

"నీ పేరు ఎత్తనులే. నా పేపర్లో ఉన్నవే రాస్తాను," అంది స్కేలు.

ఇంట్లో ఆ సాయంత్రం ఉత్తరం మీద పెద్ద సభే జరిగింది. స్కేలు కోపంతో రాసిన మొదటి కాగితం 'మీరు అన్యాయంగా దిద్దారు' అని మొదలైంది. అమ్మ అది చదివి మడిచి పొయ్యి పక్కన పెట్టేసింది. "నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందమ్మా. ఈ మొదటి ముక్క చదివాక రెండో ముక్క ఎవరు చదువుతారు?" అంది.

నానమ్మ మంచం మీంచే సలహా పారేసింది. "కాళ్లు పట్టుకుంటున్నానని రాయవే. ఇంట్లో ముసలిది మంచాన పడిందని రాయి. జాలి పుడుతుంది."

"నువ్వెక్కడ మంచాన పడ్డావు నానమ్మా? పొద్దున పక్కింటావిడతో గోడ ఎక్కి మరీ పోట్లాడావు."

"అది వేరు, ఇది వేరు. రాయడానికేం, రాస్తే అరుగుతుందా?"

నాన్న మాత్రం అన్నం ముందు కూర్చుని చాలాసేపు కలుపుతూనే ఉన్నాడు. చివరికి అన్నాడు: "వద్దేమో బుజ్జమ్మా. పైవాడి లెక్క తప్పని చెప్పి బాగుపడ్డవాణ్ణి నేను చూడలేదు. మా దగ్గర కొలత తేడా వస్తే సర్వేయరు తప్పు చదివాడని ఎవరూ అనరు, చైన్‌మన్ గొలుసు వదులుగా పట్టాడంటారు. మొత్తం మళ్లీ దిద్దుతారంటున్నావు, ఆ యాభై ఏడు కూడా పోతే?"

"యాభై ఏడు ఉండి ఏం లాభం నాన్నా? దాంతో కాలేజీ గేటు కూడా తీయరు."

నాన్న చేయి కడుక్కుని వచ్చి, "సరే. ఎక్కణ్ణుంచి కొలిచావో అది స్పష్టంగా రాయి. అరవకు, బతిమాలకు," అన్నాడు. ఆ రాత్రి పిల్ల ఒకసారి, అమ్మ ఒకసారి, మళ్లీ పిల్ల ఒకసారి దిద్ది, మొత్తానికి ఉత్తరం తేల్చారు. అది ఇలా ఉంది:

"గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయురాలు గారికి,

నా సోషల్ పేపరును పునఃపరిశీలన చేయించవలసిందిగా మనవి. మాస్టారు గారు ఎంతో శ్రమపడి దిద్దారు. పేపరు చూసుకున్నప్పుడు నాకు కలిగిన మూడు సందేహాలను మాత్రం తమ దృష్టికి తెస్తున్నాను.

ఒకటి. మూడవ పేజీలో నాలుగవ ప్రశ్నకు నాలుగు అంశాల మీద టిక్కులు ఉన్నాయి. అంశానికి ఒక మార్కు అని ప్రశ్నపత్రంలో ఉంది. పక్కన మూడు మార్కులు వేసి ఉన్నాయి.

రెండు. పదకొండవ ప్రశ్న జవాబు అదనపు కాగితం మీద కొనసాగింది. ఆ కాగితం మీద ఏ గుర్తూ లేదు. చూడకుండా పోయిందేమోనని సందేహం.

మూడు. పటంలో తప్పుగా గుర్తించినవి ఆరు. వాటి పక్కన మాస్టారు గారు పెట్టిన సున్నాలను కొలిచాను. అయిదు సున్నాలు నా చుక్కలకు కుడివైపు, కొంచెం కిందికి ఉన్నాయి. పటం ఎడమ పై మూలకు దగ్గరగా ఉన్నవాటికి తేడా తక్కువగా, దూరంగా ఉన్నవాటికి ఎక్కువగా ఉంది. చేయి తప్పితే ఒక్కొక్కటి ఒక్కో వైపుకు తప్పాలి కదా అని నా సందేహం. సరిగా ఉన్నాయన్న రెండు చుక్కలూ ఆ మూలలోనే ఉన్నాయి. అలాగే బొగ్గు గని సున్నా సముద్రంలో ఉంది. ఆరవ చుక్క, అంటే ఆనకట్ట, నా తప్పే. దానికి మార్కు అడగడం లేదు.

మార్కులు పెరిగినా తగ్గినా అంగీకరిస్తాను. సర్వే శిక్షణ దరఖాస్తుకు గడువు ఈ నెల ఇరవై. వీలైతే ఆలోగా తేల్చగలరని ప్రార్థన.

ఇట్లు, తమ విద్యార్థిని."

ఉత్తరం ఇచ్చాక రోజులు నత్తలా నడిచాయి. రోజూ కారిడార్‌లో కత్తెర మాస్టారు ఎదురయ్యేవాడు. పలకరించేవాడు కాదు, తిట్టేవాడూ కాదు. అదే ఎక్కువ భయంగా ఉండేది. పద్దెనిమిది దాటింది. పంతొమ్మిది పొద్దున నాన్న ఆఫీసుకి సెలవు పెట్టి, దరఖాస్తు ఫారం, లెక్కల మార్కుల కాగితం ఒక కవరులో పెట్టుకుని బడి గేటు బయట నిలబడ్డాడు. ఎందుకు నాన్నా అంటే, "ఊరికే" అన్నాడు. సెలవు పెట్టి ఊరికే నిలబడే మనిషి లోకంలో ఎక్కడైనా ఉంటాడా?

మధ్యాహ్నం రెండున్నరకి కబురొచ్చింది. మామూలుగా పేపరు మళ్లీ దిద్దేటప్పుడు విద్యార్థిని పిలవరు. మూడో సందేహం అర్థం కాక పెద్ద మేడమే పిలిపించింది. ఆవిడ ఒకప్పుడు సోషల్ చెప్పిన మనిషే, అందుకని తిరిగి దిద్దే పని తనే చేస్తోంది. బల్ల మీద పేపరు, పక్కన ఆకుపచ్చ సిరా పెన్ను. ఎదురు కుర్చీలో కత్తెర మాస్టారు చేతులు కట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"నాలుగో ప్రశ్న నువ్వన్నది నిజమే. టిక్కులు నాలుగు, మార్కులు మూడు. ఒకటి కలిపాను," అంది పెద్ద మేడమ్. యాభై ఎనిమిది. పిల్ల లోపల్లోపల లెక్క పెట్టుకుంటోంది.

"పదకొండో ప్రశ్న అదనపు కాగితం చదివాను. ముందు చెప్పిందే మళ్లీ చెప్పావు. దానికేమీ రాదు."

యాభై ఎనిమిదే.

"ఏడో ప్రశ్నలో సంవత్సరం తప్పు రాశావు, అయినా పూర్తి మార్కులు పడ్డాయి. ఒకటి తీసేశాను."

మళ్లీ యాభై ఏడు! కత్తెర మాస్టారు గొంతు సవరించుకున్నాడు. "చూశారా మేడమ్, ఎక్కడికక్కడ సరిపోయింది. పటం సంగతంటారా, అందులో అభిప్రాయాలకి చోటే లేదు. నేను అట్ట పెట్టి దిద్దుతాను."

అట్ట అంటే ఆయన ఇరవై తొమ్మిదేళ్ల విద్య. ఒక దళసరి అట్ట తీసుకుని, దాని మీద జవాబు పటం పెట్టి సూదితో గుచ్చి, ఎనిమిది చోట్ల బఠాణీ గింజంత కన్నాలు చేస్తాడు. ఆ అట్టని పిల్లల పటాల మీద ఎడమ పై మూల కలిపి పెడితే సరి. కన్నంలోంచి చుక్క కనిపిస్తే మార్కు. కనిపించకపోతే కన్నంలోంచే పెన్సిల్‌తో సున్నా చుట్టి, అట్ట తీసి తర్వాతి పేపరు. ఒక్కో పటానికి అరనిమిషం.

అట్ట తెచ్చి పెట్టి చూపించాడు. రెండు కన్నాల్లో చుక్కలు కనిపించాయి, ఆరింటిలో ఆయన చుట్టిన ఉత్త సున్నాలే. "రెండే. అప్పుడూ రెండే, ఇప్పుడూ రెండే," అన్నాడు.

పెద్ద మేడమ్ పెన్ను అందుకుంది. అంతే, ఆ పెన్ను కాగితాన్ని తాకిందంటే అయిపోయినట్టే. స్కేలు బల్ల దగ్గరికి ఒక అడుగు వేసి, "సార్, ఒక్క మాట. అట్ట కింద పటం గీత కనిపించడం లేదు కదండీ. అట్టకి ఆ చివర, పటానికి ఈ చివర, అంచులు ఒకచోటే ఉన్నాయేమో ఒక్కసారి చూస్తారా?" అంది.

"అంచులు ఎందుకుండవు? అచ్చు పటం అచ్చు పటమేగా!" అంటూనే మాస్టారు అట్టని తిరగేశాడు. వెనకవైపు ఆయన కన్నాలు గుచ్చేటప్పుడు గీసుకున్న పటం చట్రం ఉంది. కుడి అంచు చూశాడు. పిల్ల పటం మీద ఆనించాడు. ఎడమ మూల కలిసింది. కుడి మూల కలవలేదు. బొటనవేలంత తేడా వచ్చింది.

మళ్లీ ఆనించాడు. అప్పటికీ అంతే.

ఏం జరిగిందంటే, ఈ ఏడు ఒక కాగితం మీద రెండు పటాలు పట్టాలని ప్రెస్సు వాళ్లు పటాన్ని కొంచెం కుదించి అచ్చు వేశారు. మాస్టారు అట్ట చేసుకోవడానికి తన సొరుగులో మిగిలిన నిరుటి పటం వాడాడు. చూపుకి రెండూ ఒకేలా ఉంటాయి. పక్కపక్కన పెడితే తప్ప తెలియదు, పక్కపక్కన పెట్టాలని ఎవరికి తోస్తుంది? పెద్ద మేడమ్ పటాన్ని కళ్ల దగ్గరగా పెట్టుకుని, "మాస్టారూ, మీ బొగ్గు గని సముద్రంలో ఉందండీ," అంది. నవ్వాపుకోవడానికి ఆవిడ చాలా కష్టపడింది పాపం.

మాస్టారు నవ్వలేదు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. పాఠ్యపుస్తకం తెరిచి, అట్ట లేకుండా, పటం పక్కన పెట్టుకుని ఒక్కో చుక్కా తనే చూశాడు. రేవు, సరే. ఉప్పు నేలలు, సరే. బొగ్గు గని, సరే. ఆనకట్ట తప్పు. "ఏడు," అన్నాడు మెల్లిగా. "ఎనిమిదికి ఏడు మేడమ్."

రెండు పోయి ఏడు. అయిదు ఎక్కువ. అరవై రెండు! పిల్లకి ఆ గదిలో గాలి అప్పుడు అందింది. ఏడుపు తన్నుకొచ్చింది, పళ్లు బిగబట్టి ఆపుకుంది.

"పటాలు ఎన్ని పేపర్లకున్నాయి?" అని అడిగింది పెద్ద మేడమ్.

"ఎనభై ఆరు. రెండు సెక్షన్లు. సాయంత్రంలోగా అన్నీ తీసి చూస్తాను." మాస్టారు గొంతు కిందికి దిగిపోయింది. మళ్లీ తనే అన్నాడు: "తగ్గేవాళ్లు కూడా ఉంటారు మేడమ్. గుడ్డిగా పెట్టినవి కన్నంలో పడి ఉంటాయి."

స్కేలుకి రేడియో మొహం కళ్ల ముందు మెదిలింది. తను పేరు ఎత్తలేదు, నిజమే. అయినా దాన్ని ముంచేది తనేనా?

పెద్ద మేడమ్ కొంచెం ఆలోచించి అంది: "ఈ అమ్మాయి తగ్గినా సరే అని రాసిచ్చింది. వాళ్లు రాసివ్వలేదు. తప్పు మనది. పెరిగేవి పెంచండి, పెరగనివాళ్ల జోలికి పోకండి."

మార్కుల కాగితం మీద యాభై ఏడుని ఒక అడ్డగీతతో కొట్టేసి, పైన ఆకుపచ్చ సిరాతో అరవై రెండు అని అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాసింది. సంతకం పెట్టింది. దిద్దుబాటుకి రెండో సంతకం మొదట దిద్దినవాళ్లది ఉండాలి. మాస్టారు పెన్ను తీసుకుని, సంతకం పెట్టే ముందు పిల్ల రాసిన ఉత్తరాన్ని ముందుకు జరుపుకున్నాడు. దాని అడుగున 'మూడవ సందేహం సరైనదే. తప్పు నాది' అని రాసి, అప్పుడు రెండింటి మీదా సంతకం పెట్టాడు. ఇరవై తొమ్మిదేళ్లలో ఆ చేయి అలాంటి ముక్క రాయడం అదే మొదలు. రాశాక ఆయన మొహం తేటపడింది, అదేమిటో!

"సర్వే నేర్చుకుంటావా?" అన్నాడు కాగితం ఇస్తూ.

"అవును సార్."

"వెళ్లు. ఏది కొలిచినా ముందు అంచు చూసుకో. నాలాగా అట్టని నమ్మకు."

స్కేలు దణ్ణం పెట్టి బయటికొచ్చింది. మెట్ల దగ్గర రేడియో గోళ్లు కొరుక్కుంటూ కూర్చుని ఉంది. "ఎంత?" అంది.

"అరవై రెండు."

"మరి నాది?"

"నీది ఎవరూ ముట్టుకోరు. మేడమే చెప్పారు."

రేడియో అమాంతం కావలించుకుని, జన్మలో మొదటిసారి మాట రాక ఊరుకుంది. ఆ తర్వాత ఇద్దరూ ఏడ్చారు, ఇద్దరూ నవ్వారు, ఏది ముందో వాళ్లకే తెలియదు.

గేటు బయట నాన్న కవరు పట్టుకుని పొద్దున నిలబడ్డ చోటే నిలబడి ఉన్నాడు. ఎండకి చొక్కా తడిసిపోయింది. పిల్ల ఏమీ చెప్పకుండా మార్కుల కాగితం చేతిలో పెట్టింది. ఆయన కొట్టేసిన యాభై ఏడు చూశాడు, దాని పైన ఆకుపచ్చ అంకె చూశాడు. అక్షరాల్లో ఉన్నది కూడా పెదాలు కదుపుతూ చదువుకున్నాడు. కింద రెండు సంతకాలు వేలితో తడిమాడు.

"మాస్టారు కూడా పెట్టారా?"

"పెట్టారు నాన్నా. తప్పు నాదే అని కూడా రాశారు."

"రాశారా?" అన్నాడు నాన్న. ఇంకోసారి అడిగాడు, "నిజంగా రాశారా?" పిల్ల తలూపింది. ఇరవై రెండేళ్లుగా తన గొలుసు మీద పడ్డ తప్పులన్నీ ఆయనకి ఒక్కసారి గుర్తొచ్చినట్టున్నాయి. కళ్లు తుడుచుకుని, కాగితాన్ని ఫారంతో కలిపి కవరులో జాగ్రత్తగా పెట్టాడు.

"మా ఆఫీసులో సర్వేయరు ఆడదైనా మగైనా సార్ అనే పిలుస్తాం," అన్నాడు. "రేపు నువ్వు మా ఆఫీసుకే వస్తే నిన్నేమనాలే?"

"ముందు ఫారం ఇచ్చొద్దాం పద నాన్నా. అయిదింటికి మూసేస్తారు."

"అలాగే సార్," అన్నాడు నాన్న.